వంటమనిషికి నెల జీతం ఎంత? నిమిషాల నుంచి లెక్క కట్టే పద్ధతి

వంటకు మనిషిని కుదుర్చుకునేటప్పుడు మాటలు సాధారణంగా రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఇంట్లో ఎంతమంది, ఎన్ని పూటలు, అంట్లు కూడా ఉన్నాయా అని ఆమె అడుగుతుంది. పక్కింటివాళ్లు ఎంత ఇస్తున్నారో మనం వాకబు చేస్తాం. మధ్యలో ఏదో ఒక అంకె దగ్గర ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ అంకె ఎన్ని గంటల పనికో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. ఆరు నెలలు గడిచాక ఇంట్లో ఇద్దరు మనుషులు పెరిగితే ఎంత పెంచాలో తేల్చడానికి ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు.

పూటకు వచ్చి వంట చేసి, అంట్లు తోమి వెళ్లే మనిషి జీతాన్ని ఎలా కట్టాలో ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. రోజంతా ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి విషయం కొంత వేరు, దాని గురించి చివర్లో కొద్దిగా చెబుతాను. అంకెల పక్కన ఏ దేశపు డబ్బు గుర్తూ పెట్టలేదు. ఇవి లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి తీసుకున్న అంకెలు మాత్రమే. మీరున్న చోట నడిచే రేటును వాటి స్థానంలో పెట్టుకోండి.

మొదటి మెట్టు: ఒక వారం పాటు సమయం రాయండి

జీతాన్ని పనుల పేర్లతో కడితే ఎప్పుడూ తేడా వస్తుంది. ‘వంట’ అన్న ఒక్క మాటలో కూరగాయలు కడిగి తరగడం, వండటం, వడ్డించే గిన్నెల్లోకి తీయడం, పొయ్యి తుడవడం, గట్టు కడగడం, చెత్త బయట పెట్టడం అన్నీ ఉండవచ్చు. కొన్ని ఇళ్లలో తరిగిన కూరలు సిద్ధంగా ఉంటాయి, కొన్ని ఇళ్లలో ఉండవు. పేరు ఒకటే అయినా సమయంలో అరగంట తేడా ఉంటుంది. అందుకే ముందు గడియారం చూడాలి.

ఒక వారం పాటు ఆమె లోపలికి వచ్చిన సమయం, వెళ్లిన సమయం, మధ్యలో ఏ పనికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాయండి. ఇది ఆమెకు చెప్పి చేయాల్సిన పని. “జీతం సరిగ్గా కట్టడానికి ఎంతసేపు పడుతోందో రాసుకుందాం అమ్మా, తొందరపడకుండా రోజూ చేసినట్టే చేయండి” అని ముందే చెప్పాలి. చెప్పకుండా గడియారం పట్టుకుంటే, నిదానంగా చేస్తోందని తప్పు పట్టడానికే చూస్తున్నారనుకుని ఆమె పరుగులు పెడుతుంది. అప్పుడు వచ్చే అంకె ఎవరికీ పనికిరాదు. కొత్తగా చేరిన మనిషైతే మొదటి వారం కాకుండా మూడో వారం రాయండి. వంటింట్లో ఏది ఎక్కడ ఉందో వెతుక్కునే సమయం అప్పటికి తగ్గిపోయి ఉంటుంది.

నీళ్లు రాక ఆగిన సమయం, గ్యాస్ అయిపోయి ఎదురుచూసిన సమయం, ఏం వండాలో ఇంట్లోవాళ్లు తేల్చుకునేదాకా నిలబడిన సమయం కూడా ఆమె పని సమయమే. ఆ పావుగంటలో ఆమె మరో ఇంటికి వెళ్లలేదు కదా.

రెండో మెట్టు: మనుషులతో పెరిగేదీ పెరగనిదీ విడదీయండి

కుటుంబం పెద్దదైతే జీతం ఎంత పెరగాలన్న చోటే ఎక్కువ గొడవలు వస్తాయి. దీని మీద రెండు వాదనలు వినిపిస్తాయి. “ఇంకో ఇద్దరికి గుప్పెడు బియ్యం ఎక్కువ పోయడమేగా, ఏమంత పని” అనేది ఇంటివాళ్ల వాదన. “నలుగురికి ఇంత అయితే ఆరుగురికి ఒకటిన్నర రెట్లు” అనేది రెండోది. రెండూ సరికావు. పనిలో రెండు భాగాలు ఉండటమే దీనికి కారణం.

ఇంట్లో ఇద్దరున్నా పదిమందున్నా కొంత సమయం మారదు. సామాన్లు బయటకు తీయడం, పొయ్యి మీద ఒకే గిన్నెలో ఉడికే వంటను కనిపెట్టుకుని ఉండటం, పొయ్యి, గట్టు శుభ్రం చేయడం ఇలాంటివి. దీన్ని స్థిర సమయం అందాం. రెండోది మనిషి మనిషికీ పెరిగే సమయం. తరగాల్సిన కూరలు, ఒక్కొక్కటిగా ఒత్తి కాల్చాల్సినవి, డబ్బాల్లో సర్దాల్సినవి, తోమాల్సిన కంచాలు, గ్లాసులు ఇందులోకి వస్తాయి. వారం రోజుల కాగితం దగ్గర పెట్టుకుని ఆమెతో కలిసి కూర్చుంటే ఈ రెండింటినీ పది నిమిషాల్లో విడదీయవచ్చు. ఏది దేనికి పెరుగుతుందో ఆమెకు బాగా తెలుసు.

నలుగురున్న ఒక ఇంటిని తీసుకుందాం. ఉదయం వంటలో స్థిర సమయం 35 నిమిషాలు, మనిషికి 10 నిమిషాలు. అంటే 75 నిమిషాలు. సాయంత్రం వంట తేలిక, స్థిర సమయం 25 నిమిషాలు, మనిషికి 5, మొత్తం 45. రోజు మొత్తం మీద అంట్లకు స్థిరంగా 10 నిమిషాలు, మనిషికి 5, మొత్తం 30. అన్నీ కలిపితే రోజుకు 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. ఇందులో 70 నిమిషాలు స్థిరం, 80 నిమిషాలు మనుషులను బట్టి వచ్చినవి.

అదే ఇంట్లో ఇద్దరే ఉంటే 110 నిమిషాలు అవుతుంది. మనుషులు సగానికి తగ్గినా పని నాలుగో వంతు మాత్రమే తగ్గింది. ఆరుగురైతే 190 నిమిషాలు. మనుషులు సగం పెరిగితే పని నాలుగో వంతుకు కాస్త పైన పెరిగింది. ఇద్దరే ఉన్న ఇంట్లో “మేమిద్దరమేగా” అని సగం జీతం అడగడం ఎందుకు న్యాయం కాదో ఇక్కడ తెలుస్తుంది.

తలలు లెక్కపెట్టేటప్పుడు చాలామంది వదిలేసేది ఒకటుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాని కన్నా ఎన్ని రకాలు వేరువేరుగా వండాలన్నది ఎక్కువ సమయం తింటుంది. ఒక పెద్దాయనకు ఉప్పు లేకుండా విడిగా చేయాలంటే, చంటిబిడ్డకు మెత్తగా వేరే గిన్నెలో ఉడికించాలంటే అది ఒక మనిషికి పట్టే పది నిమిషాలతో పోదు. మరో గిన్నె, మరో పొయ్యి, విడిగా తరగడం, విడిగా చూసుకోవడం, అంటే స్థిర సమయమే మళ్లీ మొదలవుతుంది. అందుకే విడిగా వండే ప్రతి వంటకూ కాగితం మీద ఒక గడి పెట్టి దాని నిమిషాలు వేరుగా రాయాలి. ఒక్కొక్కరు ఒక్కో వేళకు వేడిగా తినాలని కోరుకునే ఇళ్లలోనూ ఇంతే. మనుషులు తక్కువైనా ఆమె అక్కడే ఉండిపోవాలి.

మూడో మెట్టు: వారం గంటలను నెలకు మార్చండి

నెలకు నాలుగు వారాలని లెక్క వేయడం పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏడాదికి 52 వారాలు, 12 నెలలు. 52ను 12తో భాగిస్తే నెలకు 4.33 వారాలు వస్తాయి. నాలుగుతో కడితే ఏడాదిలో నాలుగు వారాల పనికి జీతం ఇవ్వనట్టే.

మన ఉదాహరణలో ఆమె వారానికి ఆరు రోజులు వస్తుంది. రోజుకు 150 నిమిషాల చొప్పున 900 నిమిషాలు. వారానికోసారి ఫ్రిజ్, అరలు తుడవడానికి మరో గంట. మొత్తం వారానికి 16 గంటలు, నెలకు 69 గంటల పైచిలుకు. ఇలా వారానికోసారి, నెలకోసారి వచ్చే పనులను ‘ఎప్పుడైనా చేస్తుందిలే’ అని వదిలేయకుండా గంటల్లోకి తేవాలి. కుదుర్చుకున్నప్పుడు మాటల్లో లేని పనులు తర్వాత చేరేది ఎక్కువగా ఈ దారిలోనే.

నాలుగో మెట్టు: గంట రేటు

అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చూద్దాం.

మీరున్న చోట ఇంటిపనికి ప్రభుత్వం కనీస వేతనం ప్రకటించి ఉంటే అది నేల. దానికి కిందకు దిగకూడదు. ప్రకటించని చోట, ఇలాంటి పనినే రోజంతా చేసే మనిషి గౌరవంగా బతకడానికి నెలకు ఎంత కావాలో, అక్కడ అలాంటి పనికి ఎంత ఇస్తున్నారో తెలుసుకోండి. హోటల్ వంటింట్లోనో, హాస్టల్ వంటింట్లోనో పనిచేసేవాళ్ల జీతం మంచి కొలత. పక్కింటివాళ్లు ఇచ్చే జీతం ఒక్కటే కొలతగా పెట్టుకోవద్దు. వాళ్లూ మరో పక్కింటిని చూసే కట్టి ఉంటారు.

వారానికి 48 గంటలు పనిచేసే మనిషికి నెలకు 208 గంటలు వస్తాయి. ఆ మనిషి నెల జీతం 16,640 అనుకుందాం. 208తో భాగిస్తే గంటకు 80.

ఇక్కడే ఆగితే ఇళ్లకు తిరిగి పనిచేసే మనిషికి నష్టం. ఒకేచోట పనిచేసేవాళ్లకు రోజంతా జీతం నడుస్తుంది. ఇంటింటికీ తిరిగే మనిషికి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచే సమయానికీ, ఆ ఇంటివాళ్లు లేచేదాకా ఆగే సమయానికీ ఎవరూ ఇవ్వరు. మొదటి ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి చివరి ఇల్లు వదిలేదాకా ఏడున్నర గంటలు, అందులో జీతం వచ్చే పని ఆరు గంటలు అనుకోండి. ఏడున్నరను ఆరుతో భాగిస్తే 1.25. గంటకు 80ని 1.25తో గుణిస్తే 100. ఆమెకు న్యాయమైన గంట రేటు ఇది. 80 ఇస్తే, పొద్దంతా బయటే గడిపినా రోజంతా ఒకచోట చేసే మనిషి కన్నా ఐదో వంతు తక్కువ సంపాదిస్తుంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి పడుకునే వీలుంటే ఆ ఖాళీని ఇందులో కలపక్కర్లేదు. కానీ సాయంత్రం మళ్లీ రావడానికయ్యే రానుపోను సమయం కలపాలి, ఎందుకంటే రెండు పూటలు కావాలన్నది మన అవసరం. రోజుకు అరగంట పనికి మాత్రమే పిలిచే ఇళ్లవాళ్లు దీన్ని మరింత పట్టించుకోవాలి. అరగంట పనికి పావుగంట నడిచి వస్తే గుణకం 1.5కు చేరుతుంది. పని చిన్నదయ్యేకొద్దీ గంట రేటు పెరగాలన్న మాట వినడానికి కొత్తగా ఉన్నా లెక్క అదే చెబుతుంది.

వంటకూ అంట్లకూ ఒకే రేటా? చాలాచోట్ల కాదు, కాకపోవడమే సబబు. వంటలో నేర్పు ఉంది, పాడైతే బాధ్యత ఉంది. మీ చుట్టుపక్కల వంటకు ఎంత ఎక్కువ నడుస్తోందో గంటల్లోకి మార్చి చూడండి. ఈ ఉదాహరణలో శుభ్రం చేసే పనికి గంటకు 100, వంటకు 125 అని తీసుకుంటున్నాను.

ఐదో మెట్టు: కలిపి చూడండి

నలుగురి ఇంట్లో వంట రోజుకు 120 నిమిషాలు, వారానికి 12 గంటలు. 125 చొప్పున 1,500. అంట్లు వారానికి 3 గంటలు, అరలు తుడవడం 1 గంట, 100 చొప్పున 400. వారానికి 1,900. దీన్ని 52తో గుణించి 12తో భాగిస్తే నెలకు 8,233. దాన్ని 8,250 చేయండి. సర్దుబాటు ఎప్పుడూ పైకే ఉండాలి.

ఇప్పుడు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండిపోయారనుకోండి. ఆరుగురు. వంట రోజుకు 150 నిమిషాలు, వారానికి 15 గంటలు, 1,875. అంట్లు రోజుకు 40 నిమిషాలు, వారానికి 4 గంటలు, అరలతో కలిపి 5 గంటలు, 500. వారానికి 2,375, నెలకు 10,292. పెరిగింది రెండు వేల పైన, అంటే నాలుగో వంతు. మనిషి లెక్కన ఒకటిన్నర రెట్లు చేస్తే 12,350 అయ్యేది, ఏమీ పెంచకపోతే 8,233 దగ్గరే ఉండిపోయేది. రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో నిమిషాలు చెప్పాయి.

నాన్నగారికి రోజూ విడిగా వండాల్సి వచ్చి, దానికి 20 నిమిషాలు పట్టిందనుకోండి. వారానికి 2 గంటలు, 125 చొప్పున 250, నెలకు 1,083. ఇదే ఇంట్లో మామూలు భోజనం చేసే మనిషి ఒకరు పెరిగితే నెలకు పెరిగేది 1,029. విడి వంట ఒకటి, మనిషి ఒకరు పెరిగినదానికన్నా బరువైనదన్నమాట. ఆరుగురూ, విడి వంటా కలిస్తే 11,375.

డబ్బుతో తీరని సంగతి ఒకటుంది. ఆరుగురైతే ఉదయం ఆమె మీ ఇంట్లో 20 నిమిషాలు ఎక్కువ ఉండాలి, విడి వంటను కూడా ఉదయమే చేస్తే మరో 20. ఆ తర్వాతి ఇంటివాళ్లు ఆఫీసులకు వెళ్లే తొందరలో ఉంటే ఆమె అక్కడ మాట పడుతుంది, లేదా ఆ ఇల్లు వదులుకోవాల్సి వస్తుంది. జీతం పెంచుతున్నామని చెప్పే ముందు ఆ సమయం ఆమె దగ్గర ఉందో లేదో అడగాలి. లేకపోతే కూరలు ముందురోజు రాత్రే మీరు తరిగి పెట్టడమో, కొన్ని పనులు సాయంత్రానికి మార్చడమో చేయాలి.

సెలవులు, అతిథులు, కోతలు

వారానికి ఆరు రోజులంటే నెలకు సగటున 26 పనిదినాలు. ఒక రోజు జీతం కావాలంటే నెల జీతాన్ని 26తో భాగించాలి. 8,233కి అది 317 దాకా వస్తుంది. సెలవు రోజున పిలిచి పని చేయించుకున్నప్పుడు 30తో భాగించి 274 ఇచ్చే ఇళ్లున్నాయి. అది తక్కువ. సెలవు రోజున పిలిచినందుకు రోజు రేటు కన్నా ఎక్కువే ఇవ్వాలి. అదనపు గంటలకు ఒకటిన్నర రెట్లు ఇచ్చే పద్ధతి చాలా చోట్ల ఉంది, ఇక్కడా అది సరిపోతుంది.

ఏడాదిలో ఎన్ని రోజులు జీతంతో సెలవో ముందే అనుకోండి. పైన 52 వారాలతో కట్టాం కాబట్టి, ఆ సెలవుల్లో జీతం ఆగకపోతేనే లెక్క నిలుస్తుంది. మీరు ఊరెళ్లి ఇల్లు తాళం వేసిన రోజులకూ జీతం ఇవ్వాలి. ఆ రోజుల్లో ఆమె పనికి సిద్ధంగానే ఉంది, ఆ రెండు వారాలకు మరో ఇల్లు దొరకదు.

అతిథులు వచ్చినప్పుడు కాగితం మీది మనిషి నిమిషాలే వాడుకోవచ్చు. రోజంతా ఉన్న అతిథికి వంటలో 15 నిమిషాలు, అంట్లలో 5 నిమిషాలు. ఒకరిద్దరు ఒక పూట వస్తే లెక్క తీయనక్కర్లేదు. ఐదారుగురు నాలుగు రోజులుంటే తప్పకుండా తీయాలి, నెలాఖరు దాకా ఆగకుండా ఆ వారమే ఇవ్వాలి.

జీతంలో కలపకూడనివి

ఆమె తిన్న భోజనం, తాగిన టీ, ఇచ్చిన పాత బట్టలు జీతంలో భాగంగా చూడకండి. ఇంటిపని చేసేవాళ్ల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం, జీతాన్ని కనీసం నెలకోసారి నగదుగా ఇవ్వాలనీ, వస్తువుల రూపంలో ఇస్తే అది కొంత పరిమితిలోనే, పనివాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల సొంత వాడకానికి వచ్చేదైతేనే, న్యాయమైన విలువ కడితేనే అనీ చెబుతుంది. మీ వంటింట్లో వాడే చేతి తొడుగులు, ఏప్రన్ ఆమె సొంత వాడకం కాదు. వాటి ఖర్చు మీదే. పగిలిన గ్లాసు ధర కోయడం కూడా మానేయండి. రోజూ పదుల కొద్దీ గిన్నెలు చేతులు మారే చోట కొన్ని పగలడం పనిలో భాగం.

ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషికైతే గంటలు రాయడం మరింత అవసరం. పని లేకున్నా పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాల్సిన సమయం ఆమెది కాదు. అదే ఒప్పందం, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు అలాంటి సమయాన్ని పని గంటలుగా చూడాలంటుంది. వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి ఒకేసారి, తెగకుండా ఇవ్వాలంటుంది. పక్క గదిలో పడుకున్న మనిషిని రాత్రి పది గంటలకు పాలు కాచమని లేపితే, ఆమె పనిదినం ఉదయం మొదలై అప్పటిదాకా నడిచినట్టే. ఇలాంటి ఇంట్లో పని మొదలయ్యే వేళ, ముగిసే వేళ ముందే రాసుకోకపోతే పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు.

కట్టిన జీతం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

మూడు నెలల తర్వాత వెనక్కి లెక్క వేయండి. ఇస్తున్న జీతాన్ని నెలలో నిజంగా పట్టిన గంటలతో భాగించండి. మన ఉదాహరణలో వారానికి 1,900ని 16 గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 119 రావాలి. అది 100 దగ్గరకు దిగిందంటే ఎక్కడో పని పెరిగింది. మళ్లీ మూడు రోజులు సమయం రాస్తే ఎక్కడ పెరిగిందో దొరుకుతుంది. ఎక్కువగా అది ఎవరో ఒకరు “పనిలో పనిగా” అని అప్పగించిన చిన్న పని అయి ఉంటుంది.

ఆమె నోరు తెరిచి చెప్పకపోయినా కొన్ని గుర్తులుంటాయి. గట్టు తుడవకుండా వెళ్లిపోతుంటే, చివరి పదిహేను నిమిషాల పని రోజూ అరకొరగా ఉంటుంటే, సాయంత్రం పూట తరచూ మానేస్తుంటే బద్ధకమని అనుకునే ముందు నిమిషాలు చూడండి. ఒప్పుకున్న సమయంలో ఒప్పుకున్న పని పట్టడం లేదేమో.

గంట రేటును ఏడాదికోసారి, ముందే అనుకున్న నెలలో, ధరలు పెరిగిన మేరకు పెంచండి. మనుషులు పెరిగినప్పుడు చేసే మార్పు దీనిలో కలవదు. అది జరిగిన నెల నుంచే మారాలి. ఇద్దరు తగ్గినప్పుడు తగ్గించవచ్చా అని అడిగేవాళ్లుంటారు. లెక్క ప్రకారం తగ్గించవచ్చు, కానీ ఆమె ఆ జీతాన్ని నమ్ముకుని అద్దె, ఫీజులు కట్టుకుంటుంది. ఒక నెల ముందు చెప్పి, తగ్గిన సమయంలో మీ ఇంట్లోనే ఆమె ఒప్పుకునే మరో పని ఉందేమో చూసి, లేకపోతేనే తగ్గించండి.

ఇదంతా ఒక కాగితం మీద రాసి చెరో ప్రతి ఉంచుకోండి. రోజులు, వేళలు, పనులు, స్థిర సమయం, మనిషికి పట్టే సమయం, రెండు రేట్లు, జీతంతో సెలవులు, జీతం ఇచ్చే తేదీ ఉంటే చాలు. ఆమెకు చదవడం రాకపోతే ఆమె ఇంట్లో చదివేవాళ్లున్నప్పుడు ఇచ్చి, ఒక రోజు ఆగి, మార్పులేమైనా కావాలా అని అడిగాకే సంతకాలు చేయండి.